ఒక కుర్చీ, పద్నాలుగు నెలలు

ముందు మన దగ్గర ఉన్న సరుకేమిటో చూసుకుందాం. మా బావగారి మందుల గోడౌన్ ఈ నెలాఖరుకి మూతపడుతోంది. అందులో సూపర్‌వైజరుగా ఉన్న మా ఆయన, స్టాకు చూసే మా చిన్నది, ఇద్దరూ ఒకేసారి ఇంట్లో కూర్చోవాలి. మిగిలేది ముందు గదిలో నేను నడిపే కొట్టు. బొత్తాలు, జిప్పులు, లేసులు, దారపు ఉండలు. అది ముగ్గురిని మోయదు, ఇద్దరిని మోస్తే గొప్ప. ఇలాంటి సమయంలో పెద్ద మందుల కంపెనీ ఒకటి చిన్నదాన్ని ఇంటర్వ్యూకి పిలిచింది. స్టాకు కంట్రోలర్ ఉద్యోగం, మంగళవారం పదింటికి. ఆ కబురు తెలిసిందో లేదో, నాలుగేళ్లుగా ఈ గుమ్మం తొక్కని మా బావగారి కూతురు, మేం పెద్దమ్మాయి అని పిలిచే పిల్ల, శనివారం సాయంత్రం బ్యాగుతో దిగింది. "చెల్లి రెజ్యూమే నేను రాసిపెడతాను పిన్నీ" అంది.

నేనేమీ అడగకుండానే ఒకరు సాయానికి వచ్చారంటే, తూకం రాయి ఒకసారి తిరగేసి చూడడం నాకు అలవాటు.

ఆదివారం మధ్యాహ్నం. కొట్టు తలుపు సగం దించి, భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు ఇద్దరూ కూర్చున్నారు. నేను పక్కనే నేల మీద కూర్చుని బొత్తాలు రంగుల వారీగా అట్టలకి కుడుతున్నాను. చెయ్యి పనిలో ఉంటే చెవి ఎటున్నా ఎవరూ పట్టించుకోరు.

పెద్దమ్మాయి పనిమంతురాలు, అది ఒప్పుకోవాలి. చిన్నది తనంతట తాను రాసుకున్న పాత రెజ్యూమే నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఫొటో, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్లి కాలేదన్న సంగతి. చివరి పేజీలో పాటలు వినడం ఇష్టమని, పైన రాసినవన్నీ నిజమని ఒక ప్రమాణం.

"నీ పెళ్లి సంగతి వాళ్లకెందుకే? సంబంధం చూస్తారా?" అంది పెద్దమ్మాయి, ఎర్ర పెన్నుతో కొట్టేస్తూ.

"అందరూ అలాగే రాస్తారు కదక్కా."

"అందరూ రాస్తారు, అందుకే అందరివీ పక్కన పడేస్తారు. మనిషి చూసేది అరనిమిషం. అంతకంటే ముందు కంప్యూటరు చూస్తుంది. నువ్వు గీసిన ఈ గళ్లూ డబ్బాలూ దానికి సరిగ్గా అర్థం కావు. ఒక్కోసారి డబ్బాలో ఉన్నదంతా వదిలేస్తుంది. తిన్నగా, పైనుంచి కిందికి, ఒకే వరసలో ఉండాలి."

తరవాత కంపెనీ వాళ్ల ప్రకటన ప్రింటు తీసి బల్ల మీద పరిచింది. వాళ్లు అడిగిన ఒక్కో పని కింద గీత గీసింది. బ్యాచ్ నంబర్ల లెక్క. గడువు ముందు ముగిసేది ముందు బయటికి పంపడం. చల్లగా ఉంచాల్సిన మందుల నిల్వ. తిరిగొచ్చిన సరుకు. కంప్యూటరులో ఉన్న నిల్వకీ అరలో ఉన్న నిల్వకీ తేడా పట్టడం. ఆఖరున, కనీసం అయిదేళ్ల అనుభవం.

"వీటిలో నువ్వు నిజంగా చేసినవి ఏవి?"

"అన్నీ."

"మరి నీ కాగితంలో ఒక్కటీ కనిపించదేం? 'స్టాకు బాధ్యతలు చూసుకున్నాను' అని రాశావు. అది ఏ గోడౌన్‌లో ఎవరైనా రాసుకోవచ్చు. నువ్వు వచ్చాక ఏం మారిందో చెప్పు."

చిన్నది గోళ్లు చూసుకుంది. అది నా కూతురైనా బేరం ఆడడం రాదు. దాని గొప్ప అది చెప్పుకోమంటే ఎవరో తిట్టినట్టు ముడుచుకుపోతుంది.

"గడువు దాటి పారేసే పెట్టెలు తగ్గాయి."

"ఎన్నింటి నుంచి ఎన్నింటికి?"

"మొదట్లో ఏడాదికి మూడొందల నలభై దాకా పోయేవి. పోయిన ఏడాది తొంభై."

"ఎలా తగ్గించావు?"

"గడువు మూడు నెలల్లో ముగిసే వాటికి పసుపు చీటీ అంటించి ముందు వరసలోకి మార్చేదాన్ని. ప్రతి సోమవారం ఆ చీటీల పట్టీ సేల్స్ వాళ్లకి ఇచ్చేదాన్ని."

"ఈ అంకెలు ఎవరైనా అడిగితే దేంట్లో చూపిస్తావు?"

"పారేసిన సరుకు రిజిస్టరులో."

"అయితే రాద్దాం. రిజిస్టరులో లేని అంకె మాత్రం ఒక్కటీ వద్దు. ఇంటర్వ్యూలో ఒక్క అంకె దగ్గర తడబడితే మిగతా అంకెలన్నీ అబద్ధమైపోతాయి."

ఆ మాట విని నాకు ముచ్చటేసింది. పండ్లు అమ్మేవాడు మంచివి ముందు వరసలో పేర్చినట్టు పేరుస్తోందీ పిల్ల, కానీ లేని పండు పెట్టడం లేదు. పేరూ ఫోను నంబరూ పైన. వాటి కింద మూడు వాక్యాల్లో తను ఎవరో. ఆ తరవాత ఉద్యోగం, దాని కింద చేసిన పనులు, ఒక్కోటి ఒకటిన్నర లైను మించకుండా. చదువు చివర్లో. నాలుగు పేజీలు రెండయ్యాయి. ఫైలుకి 'కొత్తది ఫైనల్ రెండు' అని ఉన్న పేరు తీసేసి, చిన్నదాని పేరూ ఉద్యోగం పేరూ పెట్టింది.

ముచ్చటేసినా నా తూకం రాయి నా దగ్గరే ఉంది. రెండు సంగతులు నాకు నచ్చలేదు. వచ్చినప్పటినుంచి పెద్దమ్మాయి ఫోను ఆపేసి ఉంది. ఊళ్లో ఉద్యోగం చేసే పిల్ల, రోజంతా ఫోను ఆపుకుంటుందా? రెండోది ఆ బ్యాగు. కూర్చుంటే కుర్చీ కింద, వంటింట్లో మంచినీళ్లకి లేస్తే భుజాన. సొంత పిన్ని ఇంట్లో దొంగలుంటారా ఏమిటి?

పొద్దున మా ఆయన కూడా అదోలా ఉన్నారు. గోడౌన్‌లో ఆఖరి సరుకు లెక్క ఉందని ఆదివారం పూట బయల్దేరుతూ, "పెద్దమ్మాయి ఏం చెబితే అది చెయ్యండి" అన్నారు, చెప్పుల వంక చూస్తూ. ఆయనకి అన్నగారి ఇంటి కాకి వచ్చి వాలినా మర్యాదే. అందుకని అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

"ఇంకొకటి ఉంది కదక్కా" అంది చిన్నది కాస్త హుషారుగా. "గాలివాన వచ్చి కరెంటు పోయిన సంగతి. అదెందుకు తీసేశావు?"

ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నది చేరిన రెండో నెల. మధ్యాహ్నం గాలివానకి కరెంటు పోయింది, జనరేటరు మొరాయించింది. చల్లటి గదిలో నలభై ఆరు పెట్టెల ఇన్సులిన్, టీకా మందులు. రెండు డిగ్రీలకి తగ్గకూడదు, ఎనిమిదికి మించకూడదు. మిగతావాళ్లు ఐసు తెచ్చి మీద పోద్దామన్నారట. ఇదే అడ్డుపడింది. ఐసు నేరుగా తగిలి గడ్డకట్టినా ఆ మందు పాడైనట్టేనని, మూత గట్టిగా పట్టే ఐసు పెట్టెల్లోకి మార్చి, ఐసు ప్యాకెట్లకీ మందుకీ మధ్య అట్టలు పెట్టించింది. అరగంటకోసారి థర్మామీటరు చూసి రాసింది. అయిదు గంటల తరవాత కరెంటు వచ్చేసరికి ఏడు పాయింట్ నాలుగు దాటలేదు. ఒక్క సీసా పోలేదు.

"అది పాతది చెల్లీ" అంది పెద్దమ్మాయి, తల ఎత్తకుండా. "ఆరేళ్ల కిందటి సంగతి. ఈమధ్యవి చాలు."

"ప్రకటనలో చల్లటి నిల్వ అని వాళ్లే అడిగారు కదా?"

"చోటు లేదు."

నా సూది ఆగింది. లాప్‌టాప్ తెర మీద రెండో పేజీ కింద నాలుగు వేళ్ల చోటు ఖాళీగా ఉంది. నాకు అక్షరాలు నిదానంగా వస్తాయేమో గానీ ఖాళీ అర బాగానే కనిపిస్తుంది. కొట్టులో ఉన్నవాటిల్లోకెల్లా మంచి సరుకు ముందున్న అద్దాల అరలోంచి తీసి లోపల పెట్టేవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

లేచి వెళ్లి ఆ తెర ముందు నిలబడ్డాను. వేలు పెట్టి ఒక్కో లైనూ చదివాను. ఉద్యోగం పేరు పక్కన తేదీ ఉంది. 2019 ఆగస్టు నుంచి.

"ఇదేమిటే? ఇది చేరింది ఆగస్టులోనా?"

"నేను జూన్ అనే ఇచ్చానే" అంది చిన్నది, తెర మీదికి వంగి. "2018 జూన్. అక్కా, టైపింగులో తప్పు పడినట్టుంది."

పెద్దమ్మాయి పెన్ను మూత బిగించింది. తప్పు పడితే మనిషి 'అయ్యో' అంటుంది. ఇది అనలేదు.

"పద్నాలుగు నెలలు పోయాయి" అన్నాను. "చిల్లర బొత్తాలు కిందపడి దొర్లినట్టు దొర్లిపోయాయా?"

"గోడౌన్ రికార్డులో చెల్లి పేరు ఆగస్టు నుంచే ఉంది పిన్నీ. కంపెనీ వాళ్లు ఊరికే నమ్మరు. పాత యజమానికి ఒక ఫారం పంపిస్తారు. ఏ ఉద్యోగం, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, మళ్లీ చేర్చుకుంటారా, అన్నీ అడిగి సంతకం, ముద్ర తీసుకుంటారు. దాంట్లో ఉన్న తేదీ, ఇందులో ఉన్న తేదీ కలవకపోతే ఉద్యోగం ఇచ్చాక కూడా తీసేస్తారు. నేను దాని మంచికే మార్చాను."

వినడానికి బాగానే ఉంది. మరీ బాగా ఉన్న మాట దగ్గర నేను ఇంకోసారి ఆగుతాను.

అలమారు పైనుంచి నా పాత బొత్తాల డబ్బా దించాను. అందులో బొత్తాలు లేవు. చిన్నదాని బస్సు పాసులు ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి, నెలల వరసన. ఏదీ పారేయలేని జబ్బు నాది. అన్నిటికంటే అడుగున ఉన్నది తీసి బల్ల మీద పెట్టాను. 2018 జూన్. ఇంటి నుంచి గోడౌన్ వీధి దాకా. ఫొటోలో చిన్నది రెండు జడలతో బిక్కమొహం వేసుకుని ఉంది.

"పద్నాలుగు నెలలు ఇది రోజూ బస్సెక్కి ఎక్కడికి వెళ్లింది? బస్టాండు చూసి వచ్చేదా?"

"పిన్నీ..."

"ఆ పద్నాలుగు నెలలూ రికార్డులో ఆ కుర్చీ ఖాళీగా ఉందా, ఇంకెవరైనా ఉన్నారా? అది చెప్పు చాలు."

పెద్దమ్మాయి పెన్ను మూత తీసింది, పెట్టింది. మళ్లీ తీసింది.

"నేనున్నాను."

చిన్నది కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది.

"నాకు చదువయ్యాక ఎక్కడికెళ్లినా అనుభవం ఉందా అనే అడిగేవారు" అంది, చిన్నదాని వైపు చూడకుండా. "నాన్న అన్నాడు, గోడౌన్ మనదే కదా, నీ పేరు ఎక్కిస్తాను, ఏడాది దాటాక సర్టిఫికెట్ ఇస్తాను అని. ఆ ఉద్యోగం ఒక్కటే ఉంది. అందుకని చెల్లి పేరు ఎక్కించలేదు. నేను సర్టిఫికెట్ తీసుకుని వెళ్లిపోయాకే ఎక్కించాడు. నాకు మొదటి ఉద్యోగం దాంతోనే వచ్చింది. ఇప్పుడున్నది దాని మీదే వచ్చింది."

"గాలివాన సంగతి?" అంది చిన్నది.

పెద్దమ్మాయి ప్రకటన కాగితం అంచు మడత పెట్టసాగింది.

"అక్కా, ఆ రోజు నువ్వు ఫోన్ చేసి గంటసేపు అడిగావు. అట్టలు ఎలా పెట్టావు, ఎన్ని పెట్టెలు, ఎంత డిగ్రీ అని. నా మీద ఎంత ప్రేమో అనుకున్నాను."

"ఇంటర్వ్యూలో చెప్పాను" అంది పెద్దమ్మాయి. గొంతు పూర్తిగా దిగిపోయింది. "నేనే చేశానని చెప్పాను. వాళ్లు చాలా మెచ్చుకున్నారు."

అందుకా చోటు లేకపోయింది! సరుకు ఇదివరకే ఇంకో కొట్టులో అమ్ముడుపోయింది కదా, మళ్లీ ఈ అద్దంలో ఎలా పెడతారు? నాకు కోపం వచ్చిన మాట నిజం. కానీ కోపంలో అడిగే ప్రశ్న తప్పుగా అడుగుతాం. అందుకని గుక్కెడు నీళ్లు తాగి అడిగాను.

"అదంతా ఆరేళ్ల కిందటి సంగతి. ఇప్పుడు దీని రెజ్యూమేలో జూన్ ఉంటే నీకేం నష్టం? దీని కంపెనీ వేరు, నీ ఆఫీసు వేరు."

"ఆ కంపెనీ తరఫున పాత యజమానులకి ఈ ఫారాలు పంపి తేదీలు సరిచూసేది మా ఆఫీసే పిన్నీ. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ల పట్టీలో చెల్లి పేరు చూశాను. జూన్ అని ఉంటే, అదే గోడౌన్, అదే కుర్చీ, అవే నెలలు. నా సర్టిఫికెట్ మా ఆఫీసు రికార్డులో ఉంది. రెండూ ఒక్క మనిషి కంట పడితే చాలు."

ఇప్పుడు తూకం సరిపోయింది. సాయానికి కాదు, సర్దుబాటుకి వచ్చింది.

"ఫారం గోడౌన్‌కి పంపారా?" అని అడిగాను.

"ఇంకా లేదు. ఇంటర్వ్యూ అయ్యాకే పంపుతాం." ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

చిన్నది లెక్క వేసుకుంటోంది. దాని పెదవులు కదులుతున్నాయి. "2019 ఆగస్టు నుంచి ఇప్పటికి, ఈ ఏప్రిల్‌కి, నాలుగేళ్ల ఎనిమిది నెలలు" అంది. "వాళ్లు అడిగింది అయిదేళ్లు. నువ్వే దాని కింద గీత గీశావు కదక్కా."

"వాళ్లు నాలుగు నెలల దగ్గర పట్టుబట్టరు. నేను చూశాను..."

"ఇంకోటి. నేను ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసినప్పుడు జూన్ అనే రాశాను. పాత రెజ్యూమే కూడా దాంతో పంపాను. అది వాళ్ల దగ్గరే ఉంది. మంగళవారం ఇది పట్టుకెళితే, రెండు కాగితాల్లో రెండు తేదీలు. అప్పుడు అబద్ధం ఎవరిదవుతుంది?"

"పొరపాటున రాశానని చెప్పు. చాలామంది చెబుతారు."

"చేసిన పని చేయలేదని పొరపాటున ఎవరు రాస్తారక్కా?"

అరిచి చెప్పలేదు. గట్టిగా కూడా చెప్పలేదు. గోళ్లు చూసుకునే నా కూతురు మొదటిసారి ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ బేరం ఆడింది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. ఆగస్టు చెరిపి జూన్ కొట్టింది. రెండో పేజీ కిందికి వెళ్లి, అక్క నేర్పిన పద్ధతిలోనే, ఒకటిన్నర లైనులో, గాలివాన సంగతి రాసింది. నలభై ఆరు పెట్టెలు, అయిదు గంటలు, ఏడు పాయింట్ నాలుగు డిగ్రీలు. చోటు సరిపోయింది, ఇంకా మిగిలింది.

"నీ పేరు నేనెక్కడా ఎత్తను" అంది. "నాది నేను చెప్పుకుంటాను, అంతే. వాళ్లు నిన్ను అడిగితే నీ సంగతి నువ్వు చెప్పుకో."

"ఆ నెలల రికార్డులో నీ పేరు లేదే చెల్లీ! ఫారం మీద ఎవరు సంతకం పెడతారు?"

"గోడౌన్ సూపర్‌వైజరు పెడతాడు. మా నాన్న." చిన్నది నవ్వింది, రెండు రోజుల్లో మొదటిసారి. "మొదటి రోజు నన్ను చెయ్యి పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నాన్నే. రికార్డులో ఏమున్నా, నాన్న చేత్తో అబద్ధం రాయిస్తారా ఎవరైనా?"

పెద్దమ్మాయి మొహంలో రంగు పోయింది. ఓడిపోయిన మనిషి మొహం నాకు తెలుసు, బేరం తెగనివాళ్లు రోజూ కనిపిస్తారు. ఇది అది కాదు. ఇంకేదో చెప్పబోయి మింగిన మొహం.

"మొహం కడుక్కొస్తాను" అని లేచి పెరటి వైపు వెళ్లింది. బ్యాగు కుర్చీ కిందే మరిచిపోయింది.

చిన్నది ప్రింటు తీయించుకొస్తానని వీధి చివర ఉన్న జిరాక్సు షాపుకి వెళ్లింది. నేను బొత్తాలు ఎత్తిపెడుతున్నాను. అంతలో ఇంటి ఫోను మోగింది. బావగారు.

"మరదలా, మా అమ్మాయి అక్కడుందా? దాని ఫోను కలవడం లేదు. ఆఫీసు వాళ్లు పొద్దుటినుంచి నాకు చేస్తున్నారు. శుక్రవారం ఏదో ఫైలు ఇంటికి పట్టుకెళ్లిందట. రేపు పొద్దున్నే అది కావాలట."

"ఏ ఫైలు బావగారూ?"

"నాకేం తెలుసు? మీ చిన్నదాని ఇంటర్వ్యూ తాలూకుదేమో అనుకున్నాను" అని, నాలిక కరుచుకున్నట్టు ఆగి, "సరే, ఫోన్ చెయ్యమను" అని పెట్టేశారు.

పెరట్లో నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఒకరి సంచిలో చెయ్యి పెట్టడం తప్పు. ఇరవై ఏళ్లు కొట్టు నడిపాను, ఒక్కరి సంచి ముట్టుకోలేదు. ఆ బ్యాగుకి నైలాను పళ్ల జిప్పు, లాగితే చప్పుడు చేయని రకం. నేనూ అదే అమ్ముతాను.

లాగాను.

నీలం అట్ట ఫైలు. లోపల ఒకటే ఫారం. పైన నా కూతురి పేరు. ఇంకా పంపలేదన్న ఫారం, గోడౌన్‌కి వెళ్లి, నింపించుకుని, ముద్ర వేయించుకుని తిరిగొచ్చింది. చేరిన తేదీ అన్న చోట, 2019 ఆగస్టు. అంతకుముందు ఈ సంస్థలో పనిచేశారా అన్న చోట, లేదు.

కింద సంతకం. చివరి అక్షరం తోక ముందుకి లాగి, దాని కింద రెండు చుక్కలు. నా కొట్టుకి వచ్చిన ప్రతి పార్శిలు రసీదు మీదా ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్న సంతకం. పక్కన తేదీ, గురువారం.

ఆ గురువారం సాయంత్రమే మా ఆయన ఇంటికొచ్చి, చిన్నదాని తల నిమిరి, ఇంటర్వ్యూకి కొత్త బట్టలు కొనుక్కోమ్మా అన్నారు. దానికి ఆ రాత్రంతా కాలు నేల మీద నిలవలేదు.

పెరట్లో నీళ్ల చప్పుడు ఆగింది. వీధి వైపు గేటు కిర్రుమంది. చిన్నదీ, వాళ్ల నాన్నా మాట్లాడుకుంటూ వస్తున్నారు. "చూడు నాన్నా, జూన్ అని నేనే దిద్దాను" అంటోంది అది.

నేను ఫైలు లోపల పెట్టలేదు. ఆ కాగితం బల్ల మీద, బస్సు పాసు పక్కన పరిచి, వాళ్లు లోపలికి వచ్చేదాకా నిలబడ్డాను.